అడ్రినల్‌లో గడ్డ కనపడిందంటే: రెండు కొలతలు, వాటి హద్దులు

అందరికీ నమస్కారం.

నడుము నొప్పితో ఒకాయన వచ్చాడనుకుందాం. వయసు 54. కిడ్నీలో రాయి ఉందేమోనని సీటీ తీశారు. రాయి చిన్నదే, దానంతట అదే పోతుంది. కానీ రిపోర్టు అడుగున ఇంకో వాక్యం ఉంది: "ఎడమ అడ్రినల్‌లో 1.9 సెంటీమీటర్ల నాడ్యూల్". ఇక ఆ ఇంట్లో రాయి సంగతి ఎవరికీ గుర్తుండదు.

అడ్రినల్ గ్రంథులు కిడ్నీల పైన టోపీల్లా కూర్చుని హార్మోన్లు తయారుచేస్తాయి. వేరే పని మీద పొట్టకు సీటీ తీయించుకున్నవాళ్లలో, వయసు పైబడేకొద్దీ, ఇలాంటి గడ్డలు కనపడటం మామూలే. వాటిలో ఎక్కువ భాగం అడినోమాలు, అంటే క్యాన్సర్ కానివి. అయితే "ఎక్కువ భాగం" అన్న మాటతో ఎవరికీ నిద్ర పట్టదు. ఈయన గడ్డ ఏ కోవలోదో తేలాలి.

మొదట చూడాల్సింది సాంద్రత. సీటీలో ప్రతి చుక్కకూ ఒక అంకె ఉంటుంది, దాన్ని హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో చెబుతాం. నీరు సున్నా, కొవ్వు దాదాపు మైనస్ 100, మామూలు కండ 50 చుట్టుపక్కల. అడ్రినల్ పైపొర తయారుచేసే హార్మోన్లకు ముడిసరుకు కొలెస్ట్రాల్. అడినోమా కణాలు దాన్ని లోపల నిల్వ చేసుకుంటాయి కాబట్టి గడ్డ సాంద్రత కిందికి దిగుతుంది. సిరలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించకుండా తీసిన సీటీలో గడ్డ అంతా ఒకే తీరుగా ఉండి, అంకె 10 లేదా అంతకంటే తక్కువ వస్తే అది హానిలేనిదని చెప్పి అక్కడితో ఆపేయవచ్చు. మళ్లీ స్కాన్ అక్కర్లేదు.

ఆ కొలత తీసే పద్ధతిలోనే చాలా తప్పులు జరుగుతాయి. తెర మీద గడ్డ లోపల ఒక గుండ్రటి గీత గీస్తాం. అది గడ్డలో సగానికి పైగా పరుచుకోవాలి, అంచుల్ని మాత్రం తాకకూడదు. అంచు దాటితే చుట్టూ ఉన్న కొవ్వు కలిసి అంకె దొంగగా తగ్గిపోతుంది. పలుచటి ముక్కలుగా తీసిన బొమ్మల మీదే కొలవాలి. ఒక పక్క నల్లగా, ఇంకో పక్క తెల్లగా ఉన్న గడ్డకు సగటు 9 వచ్చినా నేను నమ్మను.

మన 54 ఏళ్లాయన గడ్డకు 24 వచ్చింది. అంటే క్యాన్సరని కాదు. అడినోమాల్లో సుమారు మూడో వంతు కొవ్వు తక్కువగా ఉండేవే. ఇప్పుడు రెండో పరీక్ష: మందు ఎంత త్వరగా బయటికి పోతుందో చూడటం.

సిరలోకి కాంట్రాస్ట్ ఎక్కించి ఒక నిమిషం దాటాక ఒకసారి, 15 నిమిషాలకు మరోసారి స్కాన్ తీస్తాం. ఇసుక నేలలో పోసిన నీరు చప్పున ఇంకిపోతుంది, నల్లరేగడిలో నిలబడిపోతుంది. అడినోమా ఇసుక నేల లాంటిది. క్యాన్సర్ గడ్డల్లో రక్తనాళాలు కారుతూ ఉంటాయి కాబట్టి మందు కణాల మధ్య చేరి ఆలస్యంగా పోతుంది.

ఈయనకు మందు వెళ్లాక అంకె 96కి ఎక్కింది, 15 నిమిషాలకు 42కి దిగింది. ఎక్కింది 72 (96లోంచి 24 తీసేస్తే), తిరిగి దిగింది 54. 54ను 72తో భాగిస్తే 75 శాతం. 60 శాతం, ఆపైన ఉంటే అడినోమా వైపు మొగ్గు. మందు లేని సీటీ దొరకకపోతే 54ను 96తోనే భాగిస్తాం, 56 శాతం. ఆ లెక్కకు గీత 40. రెండు లెక్కల్లోనూ ఈయన గట్టెక్కాడు.

కానీ ఈ రెండో రుజువుకు మొదటిదంత బలం లేదు. ఫియోక్రోమోసైటోమా అనే గడ్డ అడ్రినలిన్ లాంటి హార్మోన్లను వదులుతుంది, ఒక్కసారిగా బీపీ పెంచగలదు. అది కూడా ఒక్కోసారి మందును ఇలాగే చప్పున వదిలేస్తుంది. మందు ఎక్కగానే 120 దాటి మెరిస్తే నాకు దాని మీదే అనుమానం. కిడ్నీ క్యాన్సర్, కాలేయ క్యాన్సర్ అడ్రినల్‌కు పాకినా ఇదే వేషం వేయగలవు. అందుకే ఇదివరకు క్యాన్సర్ వచ్చినవాళ్ల విషయంలో శాతం ఒక్కటే చూసి హామీ ఇవ్వను. గడ్డ 4 సెంటీమీటర్లు దాటితే కూడా అంతే.

ఇంకొకటి, అడినోమా అని తేలినా అది హార్మోన్ ఎక్కువ చేస్తోందో లేదో సీటీ చెప్పదు. అందుకని ఈయనకు రాత్రి 11 గంటలకు 1 మిల్లీగ్రాము డెక్సామెథసోన్ మాత్ర వేసి పొద్దున 8 గంటలకు రక్తంలో కార్టిసాల్ చూస్తారు. డెసిలీటరుకు 1.8 మైక్రోగ్రాములు మించకపోతే సరిపోయినట్టే. సాంద్రత 10 దాటింది కాబట్టి ఫియోక్రోమోసైటోమా కాదని తేల్చే మెటానెఫ్రిన్ల పరీక్ష కూడా చేయించాలి, గడ్డ 10 లోపు ఉన్నవాళ్లకు ఆ ఖర్చు అక్కర్లేదు. బీపీ ఉన్నా, పొటాషియం తక్కువైనా ఆల్డోస్టిరోన్, రెనిన్ కూడా. ఇవన్నీ సవ్యంగా వస్తే ఏడాదికోసారి స్కాన్ అంటూ ఆయన్ని తిప్పాల్సిన పని లేదు. రాయి కోసం నీళ్లు బాగా తాగమని చెప్పి పంపించవచ్చు.