ఆ 25 డాలర్లు ఎవరు కోసుకున్నారు? ఫీజు ట్రాన్స్‌ఫర్ యాప్ రివ్యూ

అందరికీ నమస్తే. ముందే చెప్పేస్తున్నా, ఈ యాప్ వాళ్లు నా ఒక సెమిస్టర్ ఫీజుకి ట్రాన్స్‌ఫర్ ఛార్జీ మాఫీ చేసి రివ్యూ చేయమన్నారు. ఏం మాట్లాడాలో మాత్రం రాసివ్వలేదు. ఎన్ని దేశాలకు పంపొచ్చు, లిమిట్ ఎంత, ఎన్ని రోజుల్లో వెళ్తుంది, ఇవన్నీ మీరు వేరే వీడియోల్లో చూసే ఉంటారు. నేను వాటి జోలికి పోను. ఇందులో నాకు నచ్చింది ఒక్క స్క్రీన్. దాని గురించే ఎక్కువ మాట్లాడతాను.

ఆ స్క్రీన్ ఎందుకంత నచ్చిందో అర్థం కావాలంటే అంతకుముందు సెమిస్టర్ సంగతి చెప్పాలి. అప్పుడు ఫీజు ఖమ్మంలో నాన్నగారు బ్యాంకు బ్రాంచికి వెళ్లి పంపారు. ఇదిగో, ఇక్కడ టెక్సాస్‌లో మా యూనివర్సిటీ పోర్టల్లో నా స్టేట్‌మెంట్. ట్యూషన్ 11,230, మిగతా ఫీజులు 1,250, మొత్తం 12,480 డాలర్లు. దాని కింద పేమెంట్ లైన్ చూడండి, 12,455. ఇంకా కట్టాల్సింది 25. గడువు దాటగానే ఆ 25 మీద లేట్ ఫీజు పడింది, రిజిస్ట్రేషన్ మీద హోల్డ్ కూడా పెట్టేశారు. నాన్నగారికి ఫోన్ చేస్తే "మొత్తం కట్టాను కదమ్మా, రసీదు నా చేతిలోనే ఉంది" అన్నారు. ఆయన చెప్పింది నిజమే. ఆయన బ్యాంకు స్టేట్‌మెంట్‌లో 12,480 డాలర్లకు సరిపడా రూపాయలు, బ్యాంకు కమిషన్, జీఎస్టీ అన్నీ విడివిడిగా ఉన్నాయి. ఈ 25 మాత్రం ఎక్కడా లేదు.

అంటే పంపిన చోట పూర్తిగా ఉంది, అందిన చోట తగ్గింది. పచ్చడి డబ్బా నలుగురి చేతులు మారి వచ్చేసరికి పైన ఒక గరిటె తగ్గినట్టు. మన బ్యాంకుకి మా యూనివర్సిటీ బ్యాంకుతో నేరుగా ఖాతా ఉండదు. డాలర్ల కోసం అమెరికాలో ఇంకో బ్యాంకులో ఖాతా పెట్టుకుంటుంది, దాన్నే నోస్ట్రో ఖాతా అంటారు. డబ్బు ఆ బ్యాంకు మీదుగా, ఒక్కోసారి మరో బ్యాంకు మీదుగా కూడా వెళ్తుంది. మధ్యలో ఉన్న బ్యాంకు తన ఛార్జీని ఎవరినీ విడిగా అడగదు. వెళ్తున్న మొత్తంలోంచే తీసుకుని మిగతాది ముందుకు పంపుతుంది.

నాన్నగారితో బ్రాంచిలో స్విఫ్ట్ కాపీ అడిగించాను. రసీదు కాదు, స్విఫ్ట్ కాపీ అనే అడగాలి, అంటే డబ్బు పంపుతూ మన బ్యాంకు అవతలి బ్యాంకుకి పెట్టిన మెసేజ్ కాపీ. అందులో మనకు పనికొచ్చే లైన్లు ఇవి, స్క్రీన్ మీద పెడుతున్నా.

```
:32A:250811USD12480,00
:33B:USD12480,00
:71A:SHA
```

33B అంటే మనం పంపమన్న మొత్తం. 32A అంటే ఆ బ్యాంకు నిజంగా ముందుకు పంపిన మొత్తం, దాని ముందున్నది తేదీ. 71A దగ్గర SHA అని ఉందంటే, మన బ్యాంకు ఛార్జీ మనది, దారిలో పడే ఛార్జీలు అందుకునేవాళ్లవి. OUR ఉంటే అన్నీ పంపేవాళ్లవే. BEN ఉంటే అన్నీ అందుకునేవాళ్లవి. బ్రాంచిలో ఫారం నింపేటప్పుడు విదేశీ బ్యాంకు ఛార్జీలు ఎవరివి అని ఒక గడి ఉంటుంది. ఆ గడిలో పెట్టిన టిక్కే ఇక్కడ SHA అయింది. 2025 నవంబర్ తర్వాత బ్యాంకుల మధ్య మెసేజ్ ఫార్మాట్ మారింది, కొత్త దాంట్లో ఇవే SHAR, DEBT, CRED అని కనిపిస్తాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ కాపీలో రెండు మొత్తాలూ 12,480 అనే ఉన్నాయి కదా. ఇది మన బ్యాంకు బయటికి పంపిన మెసేజ్. కోత పడింది ఆ తర్వాత. మధ్య బ్యాంకు ముందుకు పంపిన మెసేజ్‌లో 33B అలాగే ఉండి, 32A 12,455 అవుతుంది, 71F అనే కొత్త లైన్‌లో 25 చేరుతుంది. ఆ మెసేజ్ యూనివర్సిటీ బ్యాంకుకి వెళ్తుంది, మనకు రాదు. అందుకే బ్రాంచిలో కాపీ చూపించి "మేం మొత్తం పంపాం" అంటారు. యూనివర్సిటీ ఆఫీసులో "మాకు వచ్చింది ఇంతే" అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు, టెన్షన్ మాత్రం మనకి. ఆ కాపీలోనే UETR అని 36 అక్షరాల నంబరు ఒకటి ఉంటుంది. బ్యాంకు దగ్గర ట్రాకర్ ఉంటే ఆ నంబరుతో ఏ బ్యాంకు ఎంత కోసిందో చూడొచ్చు. మా బ్రాంచిలో మాత్రం "అది హెడ్ ఆఫీసు వాళ్లు చూడాలి" అని చెప్పి పంపించేశారు.

ఇప్పుడు యాప్‌కి వద్దాం. ఈ సెమిస్టర్ ఫీజు దీంతోనే పంపాను. ఇదే ఆ స్క్రీన్. పైన UETR, దాన్ని నొక్కితే కాపీ అవుతుంది. కింద వరసగా బ్యాంకుల పేర్లు, ఒక్కో పేరు పక్కన ఎప్పుడు అందింది, ఎంత తీసుకుంది. నాది అన్ని చోట్లా సున్నా, ఎందుకంటే ఫీజు మొత్తం తగ్గకుండా చేరే ఆప్షన్ పెట్టాను. ముందు సెమిస్టర్లో ఇది ఉండుంటే ఆ బ్యాంకు పేరు చూపించి మాట్లాడేదాన్ని. ఇలా బ్యాంకు పేరుతో సహా చూపించే యాప్ నేను వాడిన వాటిలో ఇంకోటి లేదు.

కానీ ఒళ్లు మండే సంగతి కూడా ఉంది. ఇన్ని వివరాలున్న స్క్రీన్, పీడీఎఫ్ రసీదు డౌన్‌లోడ్ చేస్తే ఒక్క లైన్ అయిపోతుంది, "డెలివర్డ్" అని. బ్యాంకుల పేర్లు లేవు, కోతల లైన్ లేదు, UETR కూడా లేదు. యూనివర్సిటీ అకౌంట్స్ ఆఫీసు వాళ్లు స్క్రీన్‌షాట్ చూసి తల ఊపి, కాగితం తెమ్మంటారు. అసలు పని అక్కడే కదా ఉండేది! సపోర్ట్‌కి రాస్తే మీ సూచన టీమ్‌కి పంపాం అని జవాబొచ్చింది.

ఇంకోటి, మొత్తం తగ్గకుండా చేరుతుంది అన్న మాట విని పడిపోకండి. ఆ ఛార్జీ ఎక్కడో ఒకచోట వసూలవుతుంది, ఎక్కువగా మారకం రేటులో. 12,480 డాలర్లకి రేటులో అర్ధ రూపాయి తేడా ఉంటే 6,240 రూపాయలు. దారిలో పోయే 25 డాలర్ల కన్నా ఇది చాలా ఎక్కువ. కాబట్టి పంపే రోజు మీ బ్యాంకు రేటు, యాప్ రేటు రెండూ అడిగి, చేతిలోంచి వెళ్లే మొత్తం రూపాయలు పక్కపక్కన రాసుకోండి. నాకు ఆ రోజు యాప్‌లో బ్యాంకు కన్నా కాస్త ఎక్కువే అయింది, ఛార్జీ మాఫీ అయ్యాక కూడా.

బ్రాంచి నుంచే పంపేవాళ్లు ఆ గడిలో OUR పెట్టించండి. అయినా అమెరికాలో కొన్ని బ్యాంకులు దాన్ని పట్టించుకోకుండా కోసేస్తాయి. అందుకని ఫీజు మీద 30, 40 డాలర్లు కలిపి పంపడం మంచిది, మిగిలితే స్టేట్‌మెంట్‌లో క్రెడిట్‌గా ఉంటుంది. రెండు ముక్కలుగా మాత్రం పంపొద్దు, ఒక్కో ట్రాన్స్‌ఫర్ మీద విడిగా కోత పడుతుంది. గడువుకి వారం ముందే పంపితే, తగ్గినా ఆ తేడా ఇక్కడి కార్డుతో కట్టేయొచ్చు.

నా తీర్పు అడిగితే, ట్యూషన్ ఫీజుకి మళ్లీ ఇదే వాడతాను, ఆ స్క్రీన్ కోసం. నెల ఖర్చులకు వాడను, ఈ రేటుకి దండగ. రసీదు బాగు చేసేదాకా అయిదుకి మూడున్నర ఇస్తాను. చేస్తే ఇదే వీడియో కింద పిన్ చేసి చెప్తాను.