పుస్తకం కవర్ మడత దగ్గర ఎందుకు పగులుతుంది? జీఎస్ఎమ్, మందం, గ్రెయిన్ కథ

"అన్నా, మాది చిత్తూరు. మా నాన్న రాసిన పద్యాల పుస్తకం 500 కాపీలు డిజిటల్‌లో వేయించాం. ఏ5 సైజు, 160 పేజీలు. కవర్ 300 జీఎస్ఎమ్ ఆర్ట్ కార్డ్, ముదురు మెరూన్ రంగు, లామినేషన్ చేయించలేదు. 200 కాపీలు బైండింగ్ అయి వచ్చాయి. అన్నిటికీ పుస్తకం వీపు, అంటే స్పైన్ అంచుల్లో రంగు పగిలి తెల్ల గీత కనిపిస్తోంది. 250 జీఎస్ఎమ్ తీసుకొని ఉంటే ఇలా అయ్యేది కాదా? మిగతా 300 కవర్లు ఏం చేయాలి?"

నమస్కారం అండీ. ముందు సూటిగా చెప్పేస్తాను. 250 తీసుకున్నా పగిలేది, కాకపోతే కాస్త తక్కువగా. ఆ 300 కవర్లను మాత్రం చాలావరకు కాపాడుకోవచ్చు. ఎలాగో చెప్పే ముందు జీఎస్ఎమ్ అనే అంకె మనకు ఏం చెబుతుందో, ఏం చెప్పదో చూద్దాం. తిరుపతిలో అయినా చిత్తూరులో అయినా ప్రెస్సుకు వెళ్ళగానే మనల్ని అడిగేది ఆ అంకె ఒక్కటే. మనమూ అది చెప్పేసి వచ్చేస్తాం.

జీఎస్ఎమ్ అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. ఏ4 కాగితాలు 16 పక్కపక్కన పరిస్తే దాదాపు ఒక చదరపు మీటరు అవుతుంది. అందుకే 80 జీఎస్ఎమ్ ఏ4 కాగితం ఒక్కోటి 5 గ్రాములు, 500 కాగితాల రీము రెండున్నర కిలోలు. మీ కవర్ కూడా ఇలాగే తూకం వేసి చూసుకోవచ్చు. ముందు అట్ట 148 మిల్లీమీటర్లు, వెనక అట్ట 148, మధ్యలో స్పైన్ సుమారు 7. మొత్తం వెడల్పు 303, ఎత్తు 210. ఈ సైజుకు కత్తిరించిన కవర్ నిజంగా 300 జీఎస్ఎమ్ అయితే 19 గ్రాముల దగ్గర తూగాలి. తెలిసిన నగల కొట్టు కాటా మీద పెట్టి చూడండి. టోనర్ బరువు వల్ల కొద్దిగా ఎక్కువ రావచ్చు కానీ, 16 గ్రాములు వచ్చిందంటే మీకు ఇచ్చింది 250.

అయితే ఇది బరువు, మందం కాదు. చాలామంది పొరపడేది ఇక్కడే. పుస్తకాల లోపలి పేజీలకు వాడే 80 జీఎస్ఎమ్ మ్యాప్లిథో కాగితం, 130 జీఎస్ఎమ్ మెరిసే ఆర్ట్ పేపర్ పక్కపక్కన పెట్టి మందం కొలిస్తే రెండూ ఇంచుమించు ఒకటే, మిల్లీమీటరులో పదో వంతు. ఆర్ట్ పేపర్ మీద సుద్ద, చైనా మట్టి కలిపిన పూత ఉంటుంది. పైగా దాన్ని రోలర్ల మధ్య గట్టిగా నొక్కి నునుపు చేస్తారు. అందువల్ల బరువు పెరుగుతుంది కానీ మందం అంతగా పెరగదు. మ్యాప్లిథోలో గాలి ఎక్కువ, పూత ఉండదు, అందుకే తక్కువ బరువుకే చేతికి నిండుగా తగులుతుంది.

చేతికి తగిలే ఆ బిరుసు మందాన్ని బట్టి చాలా వేగంగా మారుతుంది. ఒకే రకం కాగితంలో మందం రెట్టింపు అయితే బిరుసు సుమారు ఎనిమిది రెట్లు అవుతుంది. అందుకే అదే 300 జీఎస్ఎమ్‌లో ఆర్ట్ కార్డ్ ఒకలా, మందుల పెట్టెలకు వాడే బోర్డు ఇంకోలా ఉంటాయి. ఆర్ట్ కార్డ్ మందం 0.3 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. ఆ బోర్డు 0.4 దాటుతుంది. తూకం ఒకటే, కానీ వేళ్ళ మధ్య పట్టుకుంటే బోర్డు అట్టలా నిలబడుతుంది. మీకు కావలసింది గట్టిదనం అయితే జీఎస్ఎమ్ పెంచమని అడగడం కంటే "మందం ఎంత, మైక్రాన్లలో చెప్పండి" అని అడగడం మేలు.

కరపత్రాల సంగతి తొందరగా చెప్పేస్తాను. బస్టాండ్ దగ్గర చేతికిచ్చే ఏ5 కరపత్రానికి 90 నుంచి 130 ఆర్ట్ పేపర్ చాలు. 10,000 కరపత్రాలు 90 జీఎస్ఎమ్‌లో అయితే 28 కిలోలు, 130లో అయితే 40 కిలోలు. కాగితం ఖర్చు దాదాపు ఈ బరువును బట్టే పెరుగుతుంది. తీసుకున్నవాళ్ళు నాలుగు మడతలు వేసి జేబులో పెట్టుకోవాలంటే 90 బాగా లొంగుతుంది. 170 అయితే మడత పైకి లేచిపోతుంది, మూసి ఉండదు.

గోడ పోస్టర్‌కు లెక్క తలకిందులు. మైదా జిగురుతో అంటించే పోస్టర్‌కు పలుచటి మ్యాప్లిథోనే సరైనది. జిగురు కాగితం లోపలికి ఇంకాలి, తడిసి మెత్తబడి గరుకు గోడను హత్తుకోవాలి. అదే గోడకు 170 ఆర్ట్ పేపర్ అంటించండి, పూత వల్ల జిగురు సరిగ్గా పట్టదు, బిరుసు వల్ల అంచులు విడిపోతాయి. ఆ 170 షాపు లోపల ఫ్రేములో పెట్టుకోవడానికి బాగుంటుంది.

ఇక మీ కవర్ దగ్గరకు వద్దాం. అట్టను మడిచినప్పుడు లోపలి వైపు నలిగి దగ్గరవుతుంది, బయటి వైపు సాగాలి. కాగితం కొద్దిగానే సాగగలదు. మందం పెరిగిన కొద్దీ బయటి వైపు సాగాల్సిన దూరమూ పెరుగుతుంది. అక్కడ పూత ముందు చిట్లుతుంది, దాంతోపాటు పైన ఉన్న రంగూ చిట్లుతుంది. లోపలి తెల్ల నార బయటపడుతుంది. మీరు చూస్తున్న గీత అదే. లేత రంగు కవర్ అయితే ఇదే పగులు ఉన్నా కంటికి ఆనేది కాదు. మెరూన్ కాబట్టి దాచుకోలేదు.

దీనికి తోడు మీది డిజిటల్ ప్రింట్. ఆఫ్‌సెట్ సిరా చాలా పలుచటి పొర. డిజిటల్ టోనర్ వేడికి కరిగి కాగితం పైన ప్లాస్టిక్ పొరలా కూర్చుంటుంది, అది సాగదు. ఆ వేడికి కాగితంలో తేమ కూడా తగ్గుతుంది. ఆరిన నార పెళుసుగా ఉంటుంది. ప్రింట్ అయిన వెంటనే మడిస్తే పగులు ఎక్కువగా వచ్చేది అందుకే.

కానీ అసలు పెద్ద కారణం గ్రెయిన్ అని నా నమ్మకం. మిల్లులో కాగితం తయారయ్యేటప్పుడు నార చాలావరకు యంత్రం నడిచే దిక్కుకే వరస కడుతుంది. వెదురు చాపను ఒక వైపు సులువుగా చుట్టగలం, రెండో వైపు చుట్టబోతే బద్దలు విరుగుతాయి. అట్ట కూడా అంతే. గ్రెయిన్ వెంబడి మడిస్తే నార పక్కకు జరిగి దారి ఇస్తుంది, మడత శుభ్రంగా వస్తుంది. అడ్డంగా మడిస్తే పొడవాటి నార వంగి తెగాలి. పుస్తకం కవర్‌కు గ్రెయిన్ ఎప్పుడూ స్పైన్‌కు సమాంతరంగా, అంటే పై నుంచి కిందికి ఉండాలి. మీరు పంపిన ఫోటోలో గీత తిన్నగా లేదు, రంపపు పళ్ళలా ఉంది. అది అడ్డ గ్రెయిన్ లక్షణం.

ఇంట్లోనే తేల్చుకోండి. పాడైన కవర్ ఒకటి తీసుకొని, ఒక అంగుళం వెడల్పు, ఆరు అంగుళాల పొడవుతో రెండు ముక్కలు కోయండి. ఒకటి పుస్తకం ఎత్తు వెంబడి, రెండోది అడ్డంగా. రెండింటినీ ఒకే చివర కలిపి పట్టుకొని గాల్లో చాపండి. ఏది ఎక్కువ వాలకుండా నిలబడుతుందో దాని పొడవు వెంబడే గ్రెయిన్ ఉన్నట్టు. ఎత్తు వెంబడి కోసిన ముక్క వాలిపోతే మీ కవర్ గ్రెయిన్ తప్పు దిక్కున ఉంది.

ఇదెలా జరిగి ఉంటుంది? డిజిటల్ ప్రెస్సులో 13×19 అంగుళాల షీటు వాడతారు. అంచులు కత్తిరించడానికి చుట్టూ అదనంగా వదిలే బ్లీడ్‌తో కలిపి మీ కవర్ 309×216 మిల్లీమీటర్లు. ఆ షీటు మీద రెండు కవర్లు పట్టాలంటే పుస్తకం ఎత్తు 19 అంగుళాల వైపు రావాలి. షీటు గ్రెయిన్ కూడా ఆ 19 అంగుళాల వెంబడి ఉంటే అంతా సరిపోతుంది. కానీ 13×19 షీట్లు రెండు రకాలుగా వస్తాయి, పెద్ద షీటును ఎటు కోశారన్న దాన్ని బట్టి గ్రెయిన్ 13 వైపు ఉండవచ్చు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. ధర కూడా ఒకటే. ప్రెస్సు వాళ్ళను "19 వైపు గ్రెయిన్ ఉన్న షీటే వేయండి" అని ముందే అడిగితే పైసా అదనంగా పడదు. అడగకపోతే వచ్చింది వేస్తారు.

మిగిలిన 300 కవర్లలో గ్రెయిన్ మార్చలేం. ప్రింట్ అయిపోయింది కదా. చేయగలిగినవి రెండు, అది కూడా ఈ వరసలోనే.

మొదటిది థర్మల్ లామినేషన్. పైన ఫిల్మ్ ఉంటే మడత దగ్గర సాగే పని అది పంచుకుంటుంది, లోపల కాస్త పగిలినా రంగు రాలిపోదు. డిజిటల్ ప్రింట్‌కు మామూలు ఫిల్మ్ కొన్నిసార్లు సరిగ్గా అంటుకోదు, రెండు రోజుల తర్వాత మడత దగ్గర పొర లేస్తుంది. డిజిటల్ కోసమే వచ్చే ఎక్కువ పట్టు ఫిల్మ్ అడగండి. ముదురు మెరూన్ మీద మెరుపు లేని మ్యాట్ ఫిల్మ్ అందంగా ఉంటుంది కానీ గోటి గీతలు కూడా బాగా కనిపిస్తాయి. మీ పుస్తకానికి నేనైతే మెరిసే గ్లాసీ ఫిల్మే వేస్తాను. ఒక్క వైపే లామినేట్ చేస్తాం కాబట్టి నవంబరు వానల్లో లోపలి వైపు తేమ పీల్చి అట్ట బయటికి వంగుతుంది. బైండింగ్ అయ్యాక పుస్తకాలను ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన బరువు పెట్టి ఉంచండి.

రెండోది క్రీజింగ్. లామినేషన్ తర్వాతే, బైండింగ్‌కు ముందు. స్పైన్ రెండు అంచుల్లో రెండు గీతలు, అక్కడి నుంచి 6, 7 మిల్లీమీటర్ల దూరంలో అట్ట తెరుచుకునే చోట ఇంకో రెండు. క్రీజింగ్ అంటే కత్తితో గీయడం కాదు, కోస్తే నార తెగిపోతుంది. మొద్దు బ్లేడుతో గాడిలోకి నొక్కడం. 0.3 మిల్లీమీటర్ల మీ అట్టకు 0.7 మిల్లీమీటర్ల బ్లేడు వాడితే, గాడి వెడల్పు అట్ట మందానికి ఒకటిన్నర రెట్లు, దానికి బ్లేడు మందం కలిపి, అంటే 1.15 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. అడ్డ గ్రెయిన్ కాబట్టి 1.3 పెట్టమనండి. గాడి ఇరుకైతే క్రీజింగే అట్టను కోసేస్తుంది.

ఇంకొకటి జాగ్రత్తగా చూడండి. నొక్కిన చోట ఒక వైపు పల్లం, రెండో వైపు ఉబ్బు వస్తాయి. ఉబ్బు ఎప్పుడూ మడత లోపలికి పోవాలి. పల్లం ఉన్న వైపుకే మడవాలని చాలామందికి అనిపిస్తుంది, అది తప్పు. స్పైన్ అంచుల్లో ప్రింట్ ఉన్న పైవైపు నుంచి నొక్కితే ఉబ్బు లోపలికి వస్తుంది. అట్ట తెరుచుకునే గీతలు ఎదురు వైపుకు వంగుతాయి కాబట్టి వాటిని లోపలి వైపు నుంచి నొక్కాలి.

300 కవర్లూ ఒకేసారి ఇవ్వకండి. ముందు ఐదు కవర్లకు లామినేషన్ చేయించి, ఒక రోజు అలా ఉంచి, క్రీజింగ్ చేయించి, చేత్తో మడిచి చూడండి. ముందు అట్టను ఇరవై సార్లు తెరిచి మూయండి. తెల్ల గీత రాకపోతే, ఫిల్మ్ లేవకపోతే మిగతావి ఇచ్చేయండి. ఆ ఐదింట్లోనూ పగుళ్ళు వస్తే అదే డిజైన్‌ను సరైన గ్రెయిన్ ఉన్న 250 ఆర్ట్ కార్డ్ మీద మళ్ళీ ప్రింట్ చేయించండి. ఒక షీటుకు రెండు కవర్ల లెక్కన 150 షీట్లు, పాడయ్యేవాటికి ఇంకో పది కలుపుకోండి. అప్పుడు స్పైన్ ప్రాంతంలో మెరూన్‌కు బదులు లేత రంగు పెట్టగలరేమో మీ డిజైనర్‌ను అడగండి.