ఆ ఖాళీలో ‘హ్యాడ్’ రావాలా, వద్దా?
(ఇంగ్లిష్ నేర్చుకుందాం: ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి)

యాంకర్: తర్వాతి కాల్ తీసుకుందాం. హలో, చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. నమస్తే మాస్టారూ. నేను ఇంట్లోనే కొంతమంది పిల్లలకి ఇంగ్లిష్ చెబుతుంటాను. సింపుల్ పాస్ట్, పాస్ట్ పర్ఫెక్ట్ రెండూ కలిపి ఒక చిన్న కథ రాసి, క్రియలున్న చోట ఖాళీలు వదిలి, పూరించమని ఇచ్చాను. దిద్దడానికి కూర్చుంటే టెన్షన్ పట్టుకుంది. ఒకే ఖాళీకి సగం మంది ఒకటి రాశారు, మిగతావాళ్ళు ఇంకోటి రాశారు. చదువుతుంటే రెండూ బాగానే ఉన్నట్టున్నాయి. ఎవరికి మార్కు వేయాలో తెలియడం లేదు.

మాస్టారు: కథ దగ్గరుందా అమ్మా? నెమ్మదిగా చదవండి. ఖాళీ వచ్చినప్పుడు ‘ఖాళీ’ అని, ఇచ్చిన క్రియ చెప్పండి.

శ్రోత: సరేనండీ.

(శ్రోత చదివిన కథ)

ఐ కేమ్ హోమ్ లేట్ లాస్ట్ నైట్. ఆఫ్టర్ ఐ ________ – ఓపెన్ – ద డోర్, ఐ ________ – స్విచ్ – ఆన్ ద లైట్. మై బ్రదర్ ________ – ఈట్ – ద కేక్. ఐ ________ – గో – టు హిజ్ రూమ్. వెన్ ఐ ________ – రీచ్ – ఇట్, హి ________ – గో – టు స్లీప్.

మాస్టారు: కథ బాగుందమ్మా, పిల్లలకి నచ్చే కథే. గొడవ మొదటి ఖాళీ దగ్గరే వచ్చి ఉంటుంది, అవునా?

శ్రోత: అక్కడే మాస్టారూ. కొందరు ‘ఓపెన్డ్’ అన్నారు, కొందరు ‘హ్యాడ్ ఓపెన్డ్’ అన్నారు.

మాస్టారు: ఇద్దరికీ మార్కు వేసేయండి. ముందు ‘ఆఫ్టర్’ ఉంది కదా, ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో ఆ మాటే చెప్పేసింది. క్రియ మళ్ళీ చెప్పక్కర్లేదు. చెప్పినా తప్పు కాదు. ‘బిఫోర్’ ఉన్నా చాలాసార్లు ఇంతే. అందుకని ఈ రెండు మాటల పక్కన పాస్ట్ పర్ఫెక్ట్‌ని పరీక్షించే ఖాళీ పెట్టకూడదు. పెడితే రెండు జవాబులూ ఒప్పుకోవాలి.

శ్రోత: కానీ రెండు పనులుంటే ముందు జరిగినదానికి ‘హ్యాడ్’ పెట్టాలనే కదా నేను చెబుతున్నాను?

మాస్టారు: చాలామంది అలాగే చెబుతారు. చిక్కంతా దాంతోనే వస్తుంది. ‘తలుపు తీశాను, లైటు వేశాను’ అని జరిగిన వరసలో చెప్పుకుంటూ పోతే రెండూ సింపుల్ పాస్టే: ‘ఐ ఓపెన్డ్ ద డోర్ అండ్ స్విచ్డ్ ఆన్ ద లైట్.’ తలుపు తీయడం ముందు జరిగింది, అయినా అక్కడ ‘హ్యాడ్’ రాదు. కథ ఒకచోట నిలబడి, అంతకుముందే జరిగిపోయినదాన్ని వెనక్కి తిరిగి చెప్పాల్సి వచ్చినప్పుడే అది అవసరం. పిల్లల్ని అడగాల్సిన ప్రశ్న ‘ఏది ముందు జరిగింది’ అని కాదు, ‘ఇక్కడ కథ వెనక్కి వెళ్ళిందా’ అని.

యాంకర్: అయితే కేకు సంగతేంటి మాస్టారూ? అన్నయ్యో తమ్ముడో, అంతకుముందే తినేశాడు కదా?

మాస్టారు: తినేశాడని మనకి తెలుసండీ, కథలో లేదు. లైటు వేసిన వెంటనే ‘మై బ్రదర్ ఏట్ ద కేక్’ అని వస్తే, లైటు వెలిగాక నా కళ్ళముందే తిన్నాడన్న అర్థం కూడా వస్తుంది. పిల్లవాడు అలా రాస్తే తప్పని ఎలా అంటాం? అందుకని ఖాళీకి ముందు ఒక ఆనవాలు పెట్టాలి. ‘దేర్ వాజ్ ఓన్లీ యాన్ ఎంప్టీ ప్లేట్ ఆన్ ద టేబుల్’ అని ఒక్క వాక్యం చేర్చండి. ఖాళీ ప్లేటు ఇప్పుడు కనబడుతోంది, తినడం అంతకుముందే అయిపోయింది. ఇక ‘హ్యాడ్ ఈటెన్’ తప్ప వేరేది కుదరదు.

శ్రోత: చివరి ఖాళీకీ అలాంటిదే కావాలా?

మాస్టారు: దానికి ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే అక్కడ ‘వెన్’ ఉంది. ‘వెన్ ఐ రీచ్డ్ ఇట్, హి వెంట్ టు స్లీప్’ అంటే, నేను వెళ్ళాకే పడుకున్నాడని. ‘హి హ్యాడ్ గాన్ టు స్లీప్’ అంటే నేను వెళ్ళేసరికే నిద్రపోయాడని. రెండూ మంచి ఇంగ్లిషే, కథలు వేరు. మన పిల్లలకి ఇక్కడ ఇంకో ఇబ్బంది ఉంది. తెలుగులో ఆ తేడాని ‘వెళ్ళేసరికే’ లాంటి మాట మోస్తుంది, ‘నిద్రపోయాడు’ మారదు. అందుకని ఇంగ్లిష్‌లో క్రియ మార్చాలని వాళ్ళకి తోచదు. ‘వెన్’ తర్వాత ‘హిజ్ లైట్ వాజ్ ఆఫ్ అండ్ హి వాజ్ స్నోరింగ్’ అని ముందే చెప్పేస్తే, గురక పెడుతున్నాడు కాబట్టి నిద్ర అప్పటికే పట్టిందని తేలిపోతుంది.

శ్రోత: అయితే మొత్తం కథ ఇప్పుడు ఎలా ఉంటుందండీ? రాసుకుంటాను.

మాస్టారు: రాసుకోండమ్మా.

ఐ కేమ్ హోమ్ లేట్ లాస్ట్ నైట్. ఐ ________ – ఓపెన్ – ద డోర్ అండ్ ________ – స్విచ్ – ఆన్ ద లైట్. దేర్ వాజ్ ఓన్లీ యాన్ ఎంప్టీ ప్లేట్ ఆన్ ద టేబుల్. మై బ్రదర్ ________ – ఈట్ – ద కేక్! ఐ ________ – రన్ – టు హిజ్ రూమ్. వెన్ ఐ గాట్ దేర్, హిజ్ లైట్ వాజ్ ఆఫ్ అండ్ హి వాజ్ స్నోరింగ్. హి ________ – గో – టు స్లీప్.

జవాబులు వరసగా: ఓపెన్డ్, స్విచ్డ్, హ్యాడ్ ఈటెన్, ర్యాన్, హ్యాడ్ గాన్. అయిదింట్లో రెండే పాస్ట్ పర్ఫెక్ట్. ఒకటి విడిచి ఒకటిగా పెట్టకండి, పిల్లలు చదవకుండానే లెక్క పసిగట్టేస్తారు. ఖాళీ గీతలన్నీ ఒకే పొడవులో ఉండాలి. పొడవు గీత చూస్తే రెండు మాటలు పట్టాలని తెలిసిపోతుంది.

శ్రోత: చివరి ఖాళీలో ‘గో’నే ఉంచారు. దాని బదులు సులువైనది పెట్టొచ్చా, ‘క్లోజ్’ లాంటిది?

మాస్టారు: ‘క్లోజ్’ పెడితే ‘క్లోజ్డ్, హ్యాడ్ క్లోజ్డ్’, రూపం ఒకటే. ‘హ్యాడ్’ ఒక్కటి తగిలిస్తే సరిపోతుంది. ‘గో’కి ‘వెంట్’, ‘గాన్’ వేరువేరు. ‘ఈట్’కి ‘ఏట్’, ‘ఈటెన్’ వేరు. రూపం తెలుసో లేదో అలాంటి క్రియల్లోనే బయటపడుతుంది. అయితే కొత్తగా మొదలుపెట్టిన పిల్లలైతే ముందు కథ వెనక్కి వెళ్ళడం అర్థం కానివ్వండి, ‘క్లోజ్’ లాంటివే ఇవ్వండి.

యాంకర్: కొత్త కథ రాసుకున్నాక అది సరిగ్గా ఉందో లేదో ఎలా చూసుకోవాలి?

మాస్టారు: జవాబులు చూపించకుండా, ఇంగ్లిష్ బాగా వచ్చిన ఇద్దరి చేత పూరింపజేయండి. ఇద్దరూ ఒకచోట వేరువేరుగా రాస్తే, వాళ్ళని తప్పు పట్టకుండా ఆ ఖాళీ ముందు వాక్యం మార్చండి. ఆనవాలు సరిపోలేదన్నమాట.

శ్రోత: ఒక్కటి మాస్టారూ, ‘హ్యాడ్ వెంట్’ అని రాసినవాళ్ళు ముగ్గురున్నారు. వాళ్ళకి సున్నా వేయాలా?

మాస్టారు: వద్దమ్మా, సగం మార్కు వేయండి. ఎక్కడ వెనక్కి వెళ్ళాలో పట్టుకున్నారు, రూపమే తప్పింది. ‘వెంట్’ దగ్గర గీత పెట్టి పక్కన ‘గాన్’ అని రాయండి. ఉట్టి ‘వెంట్’ అని రాసినవాళ్ళకి మాత్రం పాత కథలో పూర్తి మార్కే వేయాలి. అక్కడ ఆనవాలు లేదు కదా.

శ్రోత: సరేనండీ, ఆ పేపర్లు మళ్ళీ దిద్దుతాను.

యాంకర్: ధన్యవాదాలమ్మా. తర్వాతి కాల్, హలో...