ఐదేళ్లు కట్టినా హోమ్ లోన్‌లో అసలు ఎందుకు తగ్గలేదు?

అధ్యక్షులకు, కాలనీ సంక్షేమ సంఘం పెద్దలకు, మీ అందరికీ నమస్కారం. నన్ను పొదుపు గురించి మాట్లాడమన్నారు. పొదుపు సంగతి తర్వాత. బ్యాంకు లోన్ సెక్షన్‌లో పనిచేసిన రోజుల నుంచి నన్ను బాధపెడుతున్న విషయం ఒకటుంది, ముందు అది చెప్పనివ్వండి.

ఒక స్కూలు టీచరు గారు హోమ్ లోన్ స్టేట్‌మెంట్ పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చారు. 30 లక్షల లోను, 20 ఏళ్ల గడువు, నెలకు 26,992 రూపాయల ఈఎంఐ. రేటు మధ్యలో అటూ ఇటూ మారుతుంది కానీ, లెక్క తేలికగా ఉండాలని 9 శాతమే అనుకుందాం. ఐదేళ్లలో ఆయన 16 లక్షల పైచిలుకు కట్టారు. అసలు మాత్రం ఇంకా 26 లక్షల 61 వేలు ఉంది. "సార్, నేను కట్టిన డబ్బంతా ఏమైపోయింది?" అని అడిగారు.

మన ఊళ్లలో వడ్డీ ఎలా చెప్పుకుంటాం? నూటికి నెలకు ఎంత అని. ఏడాదికి 9 శాతం అంటే ముప్పావలా వడ్డీ. 30 లక్షలకు నెలకు ముప్పావలా చొప్పున 22,500 రూపాయలు. మొదటి ఈఎంఐలో ఆ వడ్డీ పోగా మిగిలిన 4,492 రూపాయలే అసలుకు చెల్లు పడింది. రెండో నెల వడ్డీ ఆ తగ్గిన అసలు మీదే వేస్తారు. కాబట్టి వడ్డీ 34 రూపాయలు తగ్గింది, అసలుకు ఆ 34 రూపాయలు ఎక్కువ పడ్డాయి. ఇలా నెలనెలా జరుగుతూ పోతుంది. ఈఎంఐలో వడ్డీ కంటే అసలు వాటా ఎక్కువయ్యేది 13వ ఏడాదిలో. సగం అసలు తీరేసరికి 14 ఏళ్లు పడుతుంది. చాలా బ్యాంకులు ఏ రోజు నిల్వ మీద ఆ రోజు వడ్డీ లెక్కకట్టి నెలకోసారి వేస్తాయి గనుక మీ స్టేట్‌మెంట్‌లో అంకెలు కొద్దిగా తేడాగా ఉండొచ్చు. పద్ధతి మాత్రం ఇదే.

టీచరు గారి దగ్గర అప్పటికి 3 లక్షల చిట్టీ డబ్బు ఉంది. లోనుకు కట్టేద్దామనుకుంటే బావమరిది ఆపాడట. "బ్యాంకు వడ్డీ అంతా ముందే లాగేసింది బావా, ఇప్పుడు కడితే దండగ" అన్నాడట. ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో! చదువుకున్నవాళ్లే చెబుతారు, చదువుకున్నవాళ్లే నమ్ముతారు. దయచేసి వినండి. రాబోయే నెలల వడ్డీ బ్యాంకు ముందుగా తీసుకోలేదు. గడిచిన నెలలకు, అప్పుడున్న అసలు మీద తీసుకుంది. అసలు పెద్దది కాబట్టి వడ్డీ పెద్దది. మళ్లీ చెబుతున్నాను, వడ్డీ మిగిలిన అసలు మీదే. అలాంటప్పుడు ఈరోజు అసలు తగ్గిస్తే రేపటి నుంచి వడ్డీ తగ్గకుండా ఎలా ఉంటుంది?

ఆయన ముందే లెక్క వేసి చూపించాను. ఆ 3 లక్షలు అసలుకు కట్టి, ఈఎంఐ అలాగే ఉంచితే, మిగిలిన 180 వాయిదాలు 143కు దిగుతాయి. 37 వాయిదాలు పోయాయి, అంటే దాదాపు 10 లక్షలు కట్టనక్కర్లేదు. పెట్టిన 3 లక్షలు తీసేస్తే 7 లక్షల వడ్డీ మిగిలినట్టు. అదే గడువు అలాగే ఉంచి ఈఎంఐ తగ్గించుకుంటే నెలకు 3,043 రూపాయలు తగ్గుతుంది, కానీ మొత్తం మీద మిగిలేది రెండున్నర లక్షలే. అందుకే డబ్బు కట్టేటప్పుడు "ఈఎంఐ మార్చకండి, గడువు తగ్గించండి" అని రాసివ్వండి. ఇల్లు గడవడం కష్టంగా ఉన్నవాళ్లు ఈఎంఐ తగ్గించుకోవడమే మేలు, అందులో తప్పేం లేదు. చేతిలో రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఉంటే ముందు అది తీర్చండి.

ఇక్కడ ఎంతమంది కిందటి నెల స్టేట్‌మెంట్ తెరిచి చూశారు? చేతులెత్తండి. చూశారా, ఎంత తక్కువమందో! అందులో ఒక్క గడి చూస్తే చాలు. 3 లక్షలకు ముప్పావలా అంటే 2,250 రూపాయలు. డబ్బు కట్టాక వచ్చే పూర్తి నెలలో వడ్డీ గడి సుమారు అంత తగ్గాలి. టీచరు గారిదైతే 19,959 నుంచి 17,700 దగ్గరికి రావాలి. తగ్గలేదంటే మీ డబ్బు అసలుకు చెల్లు వేయకుండా రాబోయే వాయిదాల కింద అడ్వాన్సుగా జమ చేసి ఉండొచ్చు. వెంటనే బ్రాంచికి వెళ్లి సరిచేయించుకోండి.

ముందుగా కడితే ఫైన్ వేస్తారని ఇంకో భయం. వడ్డీ రేటు మారుతూ ఉండే ఫ్లోటింగ్ రేటు హోమ్ లోన్ మీద బ్యాంకులు అలాంటి చార్జీ వేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది. ఫిక్స్‌డ్ రేటు లోన్ ఉన్నవాళ్లు మాత్రం కట్టేముందు ఒప్పంద పత్రంలో షరతు చూసుకోవాలి.

పొదుపు గురించి చెప్పడానికి టైమ్ లేదని అధ్యక్షుల వారు సైగ చేస్తున్నారు, మన్నించాలి. ఫోన్‌లో స్టేట్‌మెంట్ ఉన్నవాళ్లు మీటింగ్ అయ్యాక ఈ బల్ల దగ్గరికి రండి, ఒక్కొక్కరిది లెక్క చూసి చెబుతాను.