టన్ను-కిలోమీటరు లెక్క

శ్రోతలకు నమస్కారం. ఒక టన్ను సరుకును ఒక కిలోమీటరు దూరం చేర్చడానికి ఎన్ని గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందో చూస్తే, పెద్ద కంటైనర్ ఓడకు సుమారు 10 నుంచి 20, గూడ్సు రైలుకు 15 నుంచి 30, లారీకి 60 నుంచి 120 గ్రాములు అవుతాయి. విమానానికి అది 500 దాటి, వెయ్యికి పైగా కూడా పోతుంది.

అయితే ఈ అంకె బండిని బట్టే కాదు, లోడును బట్టి కూడా చాలా మారుతుంది. లీటరు డీజిల్ మండితే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఇరవై టన్నుల లోడుతో లీటరుకు 4 కిలోమీటర్లు నడిచే లారీకి టన్ను-కిలోమీటరుకు 34 గ్రాములే పడతాయి. అదే లారీ లీటరుకు 5 కిలోమీటర్ల చొప్పున ఖాళీగా తిరిగి వస్తే, ఆ డీజిల్‌నూ సరుకు ఖాతాలోనే వేయాలి కనుక, లెక్క 61 గ్రాములకు చేరుతుంది. రిటర్న్ లోడు వెతకడం వల్ల కలిగే లాభం అక్కడే ఉంది.

రైలు చౌకని తెలిసినా వ్యాపారులు లారీనే ఎందుకు పట్టుకుంటారన్నది గుంటూరు మిర్చి విషయంలో స్పష్టమవుతుంది. బంగ్లాదేశ్‌కు ఎండుమిర్చిని గూడ్సు రైలులో పంపాలంటే ఒకేసారి కనీసం 1,500 టన్నులు పోగు కావాలి; చిన్న వ్యాపారులకు అది సాధ్యం కాదు. లాక్‌డౌన్‌లో లారీలకు ఇబ్బంది రావడంతో, దక్షిణ మధ్య రైల్వే 500 టన్నులలోపు సరుకుకు ప్రత్యేక పార్సిల్ రైలును అనుమతించింది. అలా 2020 జూలైలో గుంటూరు దగ్గరి రెడ్డిపాలెం నుంచి బేనాపోల్‌కు సుమారు 380 టన్నుల మిర్చి వెళ్లింది. టన్నుకు రోడ్డు మీద దాదాపు 7,000 రూపాయలు పడే రవాణా ఖర్చు రైలులో 4,600కు దిగింది. కర్బనం గురించి ఎవరూ ఆలోచించి ఉండకపోవచ్చు గానీ, 1,300 కిలోమీటర్ల పైచిలుకు దూరానికి లారీల్లో 30 టన్నులకు పైగా వెలువడే కార్బన్ డయాక్సైడ్, రైలులో సుమారు 10 టన్నులతో సరిపోయేది. పార్సిల్ రైలు నిండు గూడ్సు కన్నా తేలిక కాబట్టి అసలు లెక్క కొంత ఎక్కువే ఉండవచ్చు. మిర్చి యార్డు నుంచి స్టేషనుకు టిక్కీలనే మిర్చి బస్తాలు మోసిన లారీలనూ కలపాలి. అయినా తేడా పెద్దదే. కనుక సరుకు పంపేవారు నలుగురు కలిసి రైలుకు సరిపడా లోడు కూడబెట్టుకోవడమే ఇక్కడ మొదటి పని.

ఓడకూ విమానానికీ మధ్య నిర్ణయం చాలాసార్లు తేదీల దగ్గర జరుగుతుంది. ఓడ దాటిపోయిందని ఒక టన్నును 5,000 కిలోమీటర్లు విమానంలో పంపితే, 600 గ్రాముల చొప్పున 3 టన్నులు వెలువడతాయి. చుట్టుదారిలో 10,000 కిలోమీటర్లు తిరిగిన ఓడకైనా 150 కిలోలే. అందువల్ల ఆర్డరు ఒప్పుకునేటప్పుడే ఓడ ప్రయాణపు వారాలను గడువులో కలపాలి. ఇక రవాణా సంస్థ ఇచ్చే ఉద్గారాల అంకెను తీసుకునేముందు, ఖాళీ ప్రయాణాలనూ ఇంధనం తయారీలో వెలువడినదానినీ కలిపారో లేదో అడగాలి. 2023లో వచ్చిన ఐఎస్ఓ 14083 ప్రమాణం ఈ రెండింటినీ లెక్కలో చేర్చమంటుంది.