వెనక బెంచీలో కూర్చున్న హెచ్ఎం

అందరికీ నమస్కారం. ఈ సమావేశానికి వచ్చినవారిలో ఎక్కువమంది హైస్కూలు ప్రధానోపాధ్యాయులు. కొందరు ప్రాథమిక పాఠశాలల ఎల్ఎఫ్ఎల్ హెచ్ఎంలు కూడా ఉన్నారు. బడి తెరిచిన దగ్గర్నుంచి మీ రోజు ఎలా గడుస్తుందో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. హాజరు యాప్‌లో ఎక్కించాలి, మధ్యాహ్న భోజనం లెక్క చూడాలి, గుడ్లు ఎన్ని వచ్చాయో సరిచూసుకోవాలి, యూడైస్ వివరాలు నింపాలి, జీతం బిల్లులు పెట్టాలి. మధ్యలో ఎంఈఓ ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది, సాయంత్రంలోగా ఏదో ఒక సమాచారం పంపాలి. వీటిలో అనవసరమైన పని ఏదీ లేదు. గుడ్డు రాకపోతే పిల్లాడికి తిండి తగ్గుతుంది, బిల్లు ఆగితే టీచరు ఇల్లు ఇబ్బంది పడుతుంది. అయితే ఇవన్నీ ఏ లోపమూ లేకుండా జరిగిపోయిన బడిలో కూడా ఏడో తరగతి పిల్లలకు భిన్నాల కూడిక రాకపోవచ్చు. పరిపాలనకు, బోధనా నాయకత్వానికి తేడా అక్కడే తెలుస్తుంది. ఆ తేడాను ఒకే ఒక్క పని ద్వారా చూపిస్తాను. ఆ పని, హెచ్ఎం తరగతిలోకి వెళ్లడం.

ముందు పరిశోధన ఏం చెబుతోందో రెండు మాటలు. న్యూజిలాండ్‌కు చెందిన వివియన్ రాబిన్సన్ బృందం 2008లో అంతకుముందు జరిగిన అధ్యయనాలను కలిపి లెక్కగట్టింది. సిబ్బందిలో ఉత్సాహం, దార్శనికత నింపే తరహా నాయకత్వం పిల్లల చదువు మీద చూపిన ప్రభావం, పరిశోధకులు వాడే ఎఫెక్ట్ సైజ్ అనే కొలతలో, 0.11. బోధన మీదే దృష్టి పెట్టే నాయకత్వం ప్రభావం 0.42. అంటే దాదాపు నాలుగు రెట్లు. అందులోనూ అన్నిటికన్నా పెద్ద అంకె, 0.84, వచ్చింది ఒక పనికి: టీచర్లు నేర్చుకునే చోట హెచ్ఎం తానూ కూర్చుని నేర్చుకోవడం, ఆ నేర్చుకోవడాన్ని నడిపించడం. ఈ చివరి అంకె వెనక ఉన్న అధ్యయనాలు కొద్ది మాత్రమే, కాబట్టి దాన్ని దశాంశంతో సహా నమ్మమని చెప్పను. కానీ అది చూపించే దిక్కు సరైనదేనని నా అభిప్రాయం. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ సమావేశం ప్రారంభించి, దీపం వెలిగించి వెళ్లిపోయే హెచ్ఎంకూ, టీచర్ల పక్కన కూర్చుని నోట్సు రాసుకునే హెచ్ఎంకూ మధ్య తేడాను టీచర్లు వెంటనే పట్టేస్తారు.

"అయితే తరగతులకు ఎక్కువగా వెళ్తే సరిపోతుందా?" అని మీరు అడగవచ్చు. సరిపోదు. అమెరికాలో మయామీ-డేడ్ అనే పెద్ద జిల్లా ఉంది. అక్కడ గ్రిస్సమ్, లోబ్, మాస్టర్ అనే ముగ్గురు పరిశోధకులు దాదాపు వందమంది ప్రిన్సిపాళ్ల వెంట రోజంతా పరిశీలకులను పెట్టి, వాళ్లు ఏ పని మీద ఎంతసేపు గడుపుతున్నారో రాయించారు. ఫలితాలు 2013లో వచ్చాయి. బోధనకు సంబంధించిన పనుల మీద ప్రిన్సిపాళ్లు పెట్టిన సమయం రోజులో సుమారు 13 శాతం. అందులో పెద్ద వాటా తరగతులను అలా చుట్టి రావడానికే పోయింది. ఇలా చుట్టి రావడం ఎక్కువైన బడుల్లో పిల్లల ప్రగతి మెరుగుపడలేదు సరికదా, కాస్త తక్కువగా కనిపించింది, ముఖ్యంగా హైస్కూళ్లలో. టీచరుతో కూర్చుని పాఠం గురించి మాట్లాడటం, వివరంగా పరిశీలించి అంచనా ఇవ్వడం, పాఠ్యక్రమాన్ని మెరుగుపరచడం ఎక్కువగా జరిగిన చోట మాత్రం ప్రగతి బాగుంది. ఇది చుట్టి రావడం వల్లే చదువు తగ్గిందని రుజువు చేయదు. అసలే సమస్యలున్న బడిలో ప్రిన్సిపాల్ ఎక్కువగా తిరుగుతూ ఉండి ఉండవచ్చు. అయినా ఒక సంగతి స్పష్టం. వరండాలో రౌండ్లు కొట్టడం, కిటికీలోంచి తొంగిచూడటం పర్యవేక్షణే తప్ప బోధనా నాయకత్వం కాదు.

మన బడుల్లో రౌండ్ ఎలా ఉంటుందో చూద్దాం. హెచ్ఎం గుమ్మం దగ్గరకు రాగానే పిల్లలు లేచి నిలబడి "గుడ్ మార్నింగ్ సార్" అంటారు. టీచరు గొంతు కాస్త పెరుగుతుంది. హెచ్ఎం నాలుగు నోటుబుక్కులు తిప్పి, టీచింగ్ డైరీ అడిగి, సంతకం పెట్టి బయటికి వస్తారు. పరిశీలన రిజిస్టరులో "పాఠం బాగుంది, నోటుబుక్కులు దిద్దాలి" అని రాస్తారు. ఆ రిజిస్టరు వెనక్కి తిప్పి చూడండి. సోషల్ టీచరుకూ, హిందీ టీచరుకూ, లెక్కల టీచరుకూ అవే మాటలు కనిపిస్తే అక్కడ పాఠాన్ని ఎవరూ చూడలేదని అర్థం. రాసిన మాట పట్టుకుని అది ఏ పాఠం గురించో చెప్పగలిగినప్పుడే దాన్ని పరిశీలన అనాలి.

ఇప్పుడు రెండో రకం చూద్దాం. ఒక హైస్కూలు, ఏడో తరగతి, లెక్కల పీరియడు. పాఠం వేర్వేరు హారాలున్న భిన్నాల కూడిక. హెచ్ఎం ముందు రోజే టీచరుకు చెప్పి ఉంచారు, బెల్లు కొట్టకముందే వెళ్లి చివరి బెంచీలో కూర్చున్నారు. చేతిలో ఒక తెల్లకాగితం, దాని మీద బెంచీల వరసలు గీసుకున్నారు. టీచరు ప్రశ్న అడిగినప్పుడల్లా ఎవరు జవాబు చెప్పారో ఆ బెంచీ దగ్గర ఒక గీత. ఆ రోజు రాసుకున్నది అంతే.

టీచరు మంచివారు, లెక్క స్పష్టంగా చెప్పారు. సగానికి మూడో వంతు కలపాలంటే రెండు హారాలకు క.సా.గు. కనుక్కోవాలి, అది ఆరు, కాబట్టి మూడు బై ఆరు, రెండు బై ఆరు, మొత్తం ఐదు బై ఆరు. బోర్డు మీద చక్కగా రాశారు. "అర్థమైందా?" అన్నారు. "అర్థమైంది సార్" అని క్లాసంతా ఒకే గొంతుతో అంది. పీరియడు అయ్యేసరికి హెచ్ఎం కాగితం మీద గీతలు దాదాపు అన్నీ ముందు రెండు బెంచీల దగ్గరే ఉన్నాయి. చివరి బెంచీలో హెచ్ఎం మేడమ్ పక్కన కూర్చున్న అమ్మాయి రెండో లెక్కను తనంతట తాను చేసింది. పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కలిపేసింది. టీచరు జవాబు బోర్డు మీద రాయగానే తన జవాబు చెరిపేసి దాన్ని ఎక్కించుకుంది. నోటుబుక్కు దిద్దేటప్పుడు అక్కడ కనిపించేది టిక్కు మార్కే. ఆ అమ్మాయి లవాలు లవాలు, హారాలు హారాలు కలుపుతోందని టీచరుకు ఎప్పటికీ తెలియదు.

అదే రోజు మధ్యాహ్నం ఇద్దరూ ఒక పావుగంట కూర్చున్నారు. హెచ్ఎం "మీరు వెనక బెంచీలను పట్టించుకోవడం లేదు" అనలేదు. కాగితం టేబుల్ మీద పెట్టి, "ఇది చూసి మీకేమనిపిస్తోంది సార్?" అని అడిగారు. ఆయన కాసేపు చూసి, "సిలబస్ అయిపోవాలి కదా మేడమ్, తెలిసినవాళ్లను అడిగితే త్వరగా నడుస్తుంది" అన్నారు. ఆ మాట నిజమే, ఆమె దాన్ని కాదనలేదు. చెరిపేసిన జవాబు సంగతి చెప్పి, మార్చాల్సింది ఒక్కటే అడిగారు: మొదటి లెక్క బోర్డు మీద చేశాక రెండో లెక్కకు జవాబు వెంటనే రాయకుండా రెండు నిమిషాలు ఆగడం. ఆ రెండు నిమిషాలూ వెనక బెంచీల మధ్య నడిచి, కనిపించిన వేర్వేరు జవాబులు రెండింటిని పేర్లు చెప్పకుండా బోర్డు మీద పక్కపక్కనే రాసి, "వీటిలో ఏది సరైంది, ఎందుకు?" అని క్లాసును అడగడం. సగానికి మూడో వంతు కలిపే లెక్కనే తీసుకుంటే, ఒకటి ఐదు బై ఆరు, ఇంకొకటి రెండు బై ఐదు. రెండు బై ఐదు అంటే సగం కన్నా తక్కువ, సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తగ్గుతుందా? ఈ ప్రశ్న వినగానే పిల్లలు తామే తప్పు పట్టుకుంటారు.

ఆ వారంలోనే ఆమె మళ్లీ వెళ్లారు. ఈసారి చూసింది ఆ రెండు నిమిషాలు మాత్రమే. ఈ రెండో రాక లేకపోతే మొదటిది కూడా ఇన్‌స్పెక్షన్‌గానే మిగిలిపోతుంది. చాలా బడుల్లో తెగిపోయేది ఇక్కడే. మొదటి పరిశీలన జరుగుతుంది, సలహాలు పదికి పైగా ఇస్తారు, మళ్లీ ఎవరూ అటు చూడరు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఆ కాగితం టీచరు దగ్గరే ఉండాలి. పరిశీలనలో తేలింది రేపు మెమోలోనో స్టాఫ్ మీటింగులోనో బయటికొస్తే, తరవాతిసారి మీరు వెళ్లినప్పుడు బాగా రిహార్సల్ చేసిన పాఠమే కనిపిస్తుంది.

నాకు లెక్కలు రావు, సైన్సు పాఠం నేనేం చూడను అంటారు కొందరు హెచ్ఎంలు. నిజమే, విషయ పరిజ్ఞానం లేకపోతే చూడలేనివి కొన్ని ఉంటాయి. టీచరు చెప్పిన క.సా.గు. పద్ధతి కన్నా మంచిది ఉందా అనేది భాషా టీచరుగా వచ్చిన హెచ్ఎంకు తెలియకపోవచ్చు. కానీ ఎవరు మాట్లాడారు, ఎవరు ఏమీ అనలేదు, పక్కనున్న పిల్ల ఏం రాసి ఏం చెరిపింది అనేవి ఎవరైనా చూడొచ్చు. మిగతాదానికి పక్క బడి లెక్కల టీచరును తోడు పిలవండి. కాంప్లెక్సులు ఉన్నది అందుకే కదా.

పరిపాలనను వదిలేయమని నేను అనడం లేదు. పరిపాలన పనుల్లోనే బోధనను నేరుగా తాకేవి కొన్ని ఉన్నాయి. అన్నిటికన్నా ముందు టైంటేబుల్. చాలాచోట్ల దాన్ని సీనియర్ అసిస్టెంటు వేస్తారు, హెచ్ఎం సంతకం చేస్తారు. పదో తరగతి రిజల్టు టెన్షన్‌తో గట్టి లెక్కల టీచరును పదికి వేసి, ఆరో తరగతిని ఎవరికి ఖాళీ ఉంటే వాళ్లకు ఇస్తారు. భిన్నాలు తప్పేది ఆరులో, దాని ఫలితం కనిపించేది పదిలో. గట్టి టీచరుకు ఆరో తరగతిలో కొన్ని పీరియడ్లు ఇవ్వడం పూర్తిగా హెచ్ఎం చేతిలో ఉన్న నిర్ణయం, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సెలవు పెట్టిన టీచరు పీరియడులో పిల్లల్ని "చప్పుడు చేయకుండా చదువుకోండి" అని కూర్చోబెడతారా, పని ఇస్తారా అన్నది కూడా అంతే.

కాగితం మీద ప్రణాళిక ఎంత బాగున్నా తరగతి గది మారకపోవచ్చని మన దేశంలోనే తేలింది. మధ్యప్రదేశ్‌లో బడులను మదింపు చేసి, రేటింగు ఇచ్చి, ఒక్కో బడికీ అభివృద్ధి ప్రణాళిక రాయించే కార్యక్రమం నడిచింది. కార్తీక్ మురళీధరన్, అభిజిత్ సింగ్ 1,774 బడుల్లో దాని ఫలితాన్ని కొలిచారు. మదింపులు దాదాపు అన్ని బడుల్లో పూర్తయ్యాయి, ఇచ్చిన రేటింగులూ బడుల స్థితిని సరిగానే చూపాయి. అయినా బడి నడిచే తీరులో గానీ, పిల్లల చదువులో గానీ మార్పు రాలేదు. కార్యక్రమం మాత్రం విజయవంతమైందన్న పేరుతో దేశంలో ఆరు లక్షలకు పైగా బడులకు విస్తరించింది. ప్రణాళిక రాయడం, అప్‌లోడ్ చేయడం అక్కడ పనిగా లెక్కకొచ్చాయి. ప్రణాళిక రాసినంత మాత్రాన టీచరుతో పాఠం గురించి మాట్లాడినట్టు కాదు.

ఇక ఇక్కడున్న ఎల్ఎఫ్ఎల్ హెచ్ఎంల సంగతి. ఇద్దరే టీచర్లున్న బడిలో మీరు చివరి బెంచీలో కూర్చుంటే మీ తరగతులను చూసేవాళ్లుండరు. ఇప్పటిదాకా చెప్పిన పద్ధతి మీకు యథాతథంగా కుదరదు, కుదురుతుందని నేను చెప్పను. మీకు కుదిరేది పిల్లల కాగితాలు కలిసి చూడటం. ఫార్మేటివ్ పరీక్ష అయ్యాక రెండు తరగతుల జవాబు పత్రాలూ ఒకే బల్ల మీద పరవండి. మార్కులు వేసే ముందు ఒకే రకం తప్పులున్నవాటిని ఒకచోట పేర్చండి. తీసివేతలో పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకుని అక్కడ ఒకటి తగ్గించడం మరిచిపోయినవి ఒక కట్ట, పెద్ద అంకెలోంచి చిన్నది తీసేసి ముగించినవి ఇంకో కట్ట. ఏ కట్ట పెద్దదో చూసి, వచ్చే సోమవారం ఆ పాఠం ఎవరు, ఎలా మళ్లీ చెప్పాలో అక్కడే తేల్చుకోండి. ఈ పని సాయంత్రం బడి వదిలాక ఒక అరగంటలో అవుతుంది.