పరిచయం చేసేవాళ్ల చేతిలో ఏముండాలి: కార్డా, కాగితమా, ఫోనా?

అందరికీ నమస్కారం.

కాలేజీల్లో, గ్రంథాలయాల్లో, సాహిత్య సంస్థల్లో సభలు నడిపే మిత్రులు ఎక్కువగా వచ్చారు కాబట్టి సూటిగా విషయంలోకి వెళ్తాను. వేదికపై పరిచయ వాక్యాలు పలికే మనిషికి దొరికేది రెండు నిమిషాలు, మహా అయితే మూడు. ఆ కాస్త సమయంలో చేతిలో ఏం పట్టుకోవాలన్నది చాలామంది వేదిక ఎక్కేముందు ఆ క్షణంలో తేల్చుకుంటారు. నిజానికి అది ముందురోజే తేలిపోవాలి, ఎందుకంటే రాసే పద్ధతి దాన్నిబట్టే మారుతుంది.

ఒక సభను ఉదాహరణగా తీసుకుందాం. ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం. గిడుగు రామమూర్తి గారి జయంతి. సభ మొదట్లో విద్యార్థులకు ఆయన్ని రెండు నిమిషాల్లో పరిచయం చేసి, ఆ వెంటనే ముఖ్య వక్తను మైకు దగ్గరికి పిలవాలి. ఈ పని మీకు అప్పగించారనుకోండి.

మొదట ఆరా తీయవలసింది మైకు గురించి. పోడియం మీద బిగించిన మైకా, స్టాండు మైకా, చేతిలో పట్టుకునే కార్డ్‌లెస్ మైకా? దీనికి జవాబు తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే. చేతి మైకు ఇస్తే మీకు మిగిలేది ఒక్క చెయ్యి. ఒంటి చేత్తో రెండు పేజీల కాగితం తిప్పలేరు. తిప్పబోతే మైకును చంకలో పెట్టుకోవలసి వస్తుంది, దాని గరగర అంతా స్పీకర్లలో వినిపిస్తుంది. మూడు కార్డులను ఒకదాని వెనక ఒకటి పంపడానికి కూడా రెండు చేతులు కావాలి. అందుకే చేతి మైకు ఉన్నచోట ఒక్కటే కార్డు, అంతా దానిమీదే ఇమడాలి. స్టాండు మైకు ఉంటే మూడు కార్డుల దాకా పట్టుకోవచ్చు. పోడియం ఉంటేనే ప్రింటు తీసిన పాఠం గురించి ఆలోచించండి.

రెండో ప్రశ్న వెలుతురు. ఫంక్షన్ హాళ్లలో దీపాలు వేదిక వెనకున్న ఫ్లెక్సీ మీదా, కూర్చున్న అతిథుల మీదా పడేలా పెడతారు. మీరు నిలబడేది ఒక మూల, మీ నీడ మీ కాగితం మీదే పడుతుంది. సభకు అరగంట ముందు వెళ్లి, మీరు నిలబడబోయే చోటే నిలబడి, రాసుకున్నది ఒకసారి చదివి చూడండి. అక్కడ కనిపించకపోతే అక్షరాలు పెద్దవి చేయడమొక్కటే మార్గం.

ఇప్పుడు కాగితం సంగతి. మామూలు ఎ4 కాగితం 75, 80 జీఎస్ఎం మందం ఉంటుంది. చేతిలో పట్టుకుంటే వేళ్ల దగ్గరుండే చిన్న వణుకు కాగితం పై అంచుకు చేరేసరికి పెద్దదవుతుంది, మూడో వరుసకు కూడా కనిపిస్తుంది. ఫ్యాను గాలి తోడైతే ఇక చెప్పక్కర్లేదు. పోడియం మీద పరిస్తే ఈ బాధ ఉండదు గానీ, అక్కడ ఇంకొకటి మొదలవుతుంది. పేజీ అడుగున ఉన్న వాక్యాలు చదవడానికి గడ్డం కిందికి దిగుతుంది, నోరు మైకు మీదనుంచి పక్కకు తప్పుకుంటుంది, గొంతు తగ్గిపోతుంది. వెనక కూర్చున్నవాళ్లకు చివరి మాటలు వినపడకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే, సౌండ్ చూసే అతని తప్పు కాదు. కాబట్టి పేజీలో పైన మూడింట రెండు వంతులే వాడండి, కింది భాగం ఖాళీగా వదిలేయండి.

తెలుగు ప్రింటు విషయంలో ఇంకో జాగ్రత్త. మన అక్షరాలకు కింద వత్తులుంటాయి, పైన గుడులుంటాయి. వరుసలు దగ్గరగా ఉంటే పై వరుస వత్తు, కింది వరుస గుడి కలిసిపోయినట్టు కనిపిస్తాయి. 18 నుంచి 20 పాయింట్ల సైజు, వరుసల మధ్య ఒకటిన్నర రెట్లు దూరం పెట్టండి. డీటీపీలో అను ఫాంట్లతో కొట్టించిన పాఠాన్ని ఫైలుగా తెచ్చుకుని వేరే కంప్యూటర్‌లో ప్రింటు తీయాలనుకోకండి. ఆ ఫాంటు లేని చోట అక్షరాలన్నీ అర్థంలేని గుర్తులుగా మారతాయి. యూనికోడ్‌లో టైపు చేయించండి, లేదా అక్కడే పీడీఎఫ్ చేయించి తెచ్చుకోండి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు వాక్యంలోనే ఉంది. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. 'పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ, సవరల భాష నేర్చుకుని, వారికోసం' అంటూ సాగే వాక్యం మధ్యలో తలెత్తి సభను చూశారంటే, మళ్లీ కాగితంలోకి దిగేసరికి ఎక్కడున్నారో దొరకదు. క్రియ ఇంకా రాలేదు కాబట్టి వాక్యాన్ని అక్కడితో ఆపలేరు, సొంతంగా ముగించలేరు. ఆ రెండు సెకన్ల మౌనం మీకు రెండు నిమిషాలంత అనిపిస్తుంది. పాఠం చదవాలనుకుంటే ప్రతి వాక్యాన్నీ ఏడెనిమిది మాటల్లో ముగించండి. 'పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పారు. సవరల భాష నేర్చుకున్నారు.' ఒక్కో వాక్యం ఒక్కో వరుసలో ఉండాలి. ఏ వాక్యమూ ఒక పేజీలో మొదలై రెండో పేజీలో ముగియకూడదు. 'జన్మించియున్నారు' అని రాసుకుంటే చదివినట్టే వినిపిస్తుంది. వాడుక భాష కోసం జీవితమంతా వాదించిన మనిషి గురించి చెబుతున్నాం కాబట్టి ఈ సభలోనైనా నోటితో అనే మాటే రాసుకోవాలి.

ఇంత జాగ్రత్త పడాలి కాబట్టే, పరిచయానికి నేను కార్డునే ఎంచుకుంటాను. పరిచయంలో అక్షరం తప్పకుండా చెప్పవలసినవి కొన్నే: పేర్లు, ఊళ్లు, తేదీలు, పుస్తకాలు, హోదాలు. మిగతాదంతా మీరు మాట్లాడగలిగిందే. కార్డు మీద ఆ కొన్నిటినే రాస్తాం. సన్మాన పత్రం, తీర్మానం లాంటివైతే వేరు, వాటిని ఉన్నది ఉన్నట్టు చదవాలి కాబట్టి పోడియం, కాగితం తప్పవు.

కార్డు నాలుగంగుళాలు ఇంటూ ఆరంగుళాలు. 250 నుంచి 300 జీఎస్ఎం అట్ట అయితే వంగదు, చప్పుడు చేయదు. మిగిలిపోయిన శుభలేఖ అట్ట వెనకవైపు కూడా పనికొస్తుంది, మెరుపు లేనిదైతేనే. మెరిసే అట్ట మీద స్టేజి లైటు పడితే రాత కనిపించదు. ఒక్కవైపే రాయండి. ఎక్కువ కార్డులుంటే కుడివైపు పైమూల 1, 2, 3 అంకెలు వేయండి, కిందపడితే క్రమం వెంటనే దొరుకుతుంది. నీళ్లకు చెదిరే ఇంకు వద్దు. బొకేలు అందించే వేదిక మీద వేళ్లకు తడి అంటకుండా ఉండదు.

ఇక గిడుగు వారి పరిచయం ఒకే కార్డు మీద ఎలా ఇముడుతుందో చూద్దాం. ఏడు వరుసలు:

ఈ రోజే ఎందుకు?
పద్దెనిమిది వందల అరవై మూడు – పర్వతాలపేట, శ్రీకాకుళం దగ్గర
పర్లాకిమిడి – ఉపాధ్యాయుడు
సవర – భాష నేర్చుకోవడం, బడి పుస్తకాలు, నిఘంటువు
వాడుక భాష – బడిలో ఏ తెలుగు?
పందొమ్మిది వందల నలభై జనవరి ఇరవై రెండు
వక్త పేరు

సంవత్సరాన్ని అక్షరాల్లో రాశాను చూడండి. '1863' అని అంకెలుంటే, చూసిన క్షణంలో చాలామంది నోటికి ముందు ఇంగ్లీషు వస్తుంది. 'ఎయిటీన్' అని మొదలుపెట్టి, తెలుగులోకి తిరగబోయి, తడబడతారు. నోటితో ఎలా అంటారో కార్డు మీద అలాగే ఉండాలి. మొదటి వరుసలో సమాధానం లేదు, ప్రశ్నే ఉంది. సమాధానం మీకు తెలుసు, ఆ ప్రశ్న సభనే అడిగి మొదలుపెట్టవచ్చు. నాలుగో వరుసలో మూడు మాటలు మూడు వాక్యాలవుతాయి. పూర్తి వాక్యం రాస్తే కళ్లు దాన్ని చదవడం మొదలుపెడతాయి, మాట్లాడటం ఆగిపోతుంది.

రెండు నిమిషాలంటే నిదానంగా చెప్పినప్పుడు సుమారు 180 మాటలు. మొదట మొత్తం కాగితం మీద రాసి, నాలుగైదుసార్లు బయటికి చదివి, ఆ తర్వాతే కార్డుకు కుదించండి. కార్డు చూస్తూ చెప్పింది ఫోన్‌లో రికార్డు చేసి నిడివి చూసుకోండి. రెండున్నర నిమిషాలు దాటితే ఒక వరుస కొట్టేయండి, వేగం మాత్రం పెంచకండి.

ఫోన్ గురించి. చీకటి వేదిక మీద, ఆరుబయట రాత్రి సభలో అక్షరాలు కనిపించేది దానిమీదే. వేరే దారి లేనప్పుడు అది తప్పు కాదు. కానీ దాన్ని అలాగే జేబులోంచి తీసి చదివితే ఏదో ఒకటి జరుగుతుంది. మీరు సభవైపు చూస్తుండగా 30 సెకన్లకు తెర ఆరిపోతుంది, చెమట పట్టిన వేలిని అది గుర్తుపట్టదు. ఐఫోన్‌లో Auto-Lock ను Never చేయండి. బ్యాటరీ ఆదా చేసే Low Power Mode ఆన్‌లో ఉంటే అది మళ్లీ 30 సెకన్లకే కట్టుబడుతుంది, కాబట్టి దాన్ని ఆపేయాలి. ఆండ్రాయిడ్‌లో Screen timeout ను ఉన్నంతలో ఎక్కువకు పెట్టండి. ఫ్లైట్ మోడ్ తప్పనిసరి. కాల్ రాకుండా ఉండటానికే కాదు, 2జీ సిగ్నల్ పట్టుకున్న ఫోను మైకు వైరు దగ్గరికి వస్తే స్పీకర్లలో గిర్‌గిర్ మంటుంది. అలారం మాత్రం ఫ్లైట్ మోడ్‌లోనూ మోగుతుంది, దాన్ని విడిగా ఆపాలి. ఆటో రొటేట్ ఆపండి, వెలుతురు చేత్తో సరిచేసుకోండి.

వాట్సాప్‌లో వచ్చిన పాఠాన్ని అందులోనే చదవకండి, వేలు తగిలితే పైకీ కిందికీ జారిపోతుంది. ఎ4 పీడీఎఫ్ కూడా పనికిరాదు, పెద్దది చేస్తే ప్రతి వరుసకూ పక్కలకు జరపాలి. నోట్స్ యాప్‌లో కార్డులోని ఏడు వరుసలే పెద్ద అక్షరాల్లో రాసుకుంటే వేలితో జరపక్కర్లేకుండా ఒకే తెరలో కనిపిస్తాయి. అన్నీ సరిచేసినా ఒక లోపం మిగులుతుంది: కిందినుంచి వెలుగు ముఖం మీద పడుతుంది, ఫోటోల్లో మీరు మెసేజ్ చూసుకుంటున్నట్టు ఉంటుంది.

కార్డుకున్న ఇంకో సుగుణం చివరి నిమిషంలో తెలుస్తుంది. వేదిక మీదికి అనుకోకుండా ఒక పెద్దాయన్ని పిలుస్తారు, వక్తకు డాక్టరేట్ వచ్చిందని పక్కనుంచి చెవిలో చెబుతారు. కార్డు అంచున పెన్నుతో రెండు సెకన్లలో రాసుకోవచ్చు. అందుకే కుడివైపు ఒక అంగుళం ఖాళీ వదలండి, జేబులో పెన్ను ఉంచుకోండి. పేరు ఎలా పలకాలో, ముందు 'శ్రీమతి' ఉండాలో 'డాక్టర్' ఉండాలో వక్తనే అడిగి ఏడో వరుస మార్చుకోండి.

ఆ ఏడో వరుస కార్డు మీద ఉన్నా దాన్ని చూసి చదవకూడదు. ఆరో వరుస అయ్యాక కార్డున్న చెయ్యి నడుము దాకా దించి, వక్తవైపు తిరిగి, పేరు, 'గారు' స్పష్టంగా పలికి, చప్పట్లు మొదలయ్యాక మైకు దగ్గరినుంచి ఒక అడుగు పక్కకు జరగండి. కార్డు మీతోనే తీసుకెళ్లండి. పోడియం మీద వదిలేస్తే వక్త తన కాగితాలు దానిమీదే పెట్టుకుంటారు, సభ చివర వందన సమర్పణలో అవే పేర్లు మీకు మళ్లీ కావాలి.